తప్పు చిరునామాకు వెళ్లిన జీతాల షీటు: ఒక కేసు రికార్డు

నేపథ్యం

నల్లగొండ జిల్లాలోని చిన్న మిల్లులకు పీఎఫ్, ఈఎస్ఐ రిటర్నులు దాఖలు చేయడం నా వృత్తి. ఈ కేసులో దారి తప్పిన మెయిల్ నిజానికి నాకు రావలసినదే కాబట్టి, జరిగినదంతా దగ్గర నుంచి చూశాను, కొన్ని నిర్ణయాలు నేనే తీసుకున్నాను. మిల్లు పేరు, మనుషుల పేర్లు, చిరునామాలు, గుర్తుపట్టడానికి వీలిచ్చే తక్కిన వివరాలు తీసివేశాను. దీన్ని రాయడానికి మిల్లు యజమానీ, ఆ మెయిల్ అందుకున్న పెద్దాయనా ఇద్దరూ ఒప్పుకున్నారు.

మిర్యాలగూడ చుట్టుపక్కల ఉన్న అనేక రైసు మిల్లుల్లో అది ఒకటి. జీతాల పట్టీలో 41 మంది ఉన్నారు, వారిలో చాలామంది బిహార్ నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్నవాళ్లు. లెక్కలు చూసే ఉద్యోగిని ఒక్కరే. ఆమె ప్రతి నెలా జీతాల షీటును నాకు మెయిల్ చేస్తుంది, నేను దాని నుంచి పీఎఫ్ చలానాకు కావలసిన ఈసీఆర్ ఫైలు తయారుచేస్తాను. ఒక నెల పీఎఫ్ డబ్బును తరువాతి నెల 15వ తేదీలోగా కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ పడుతుంది. అందువల్ల 10వ తేదీ దాటిన దగ్గర నుంచి మిల్లులోనూ నా దగ్గరా తొందర ఉంటుంది, ఈ పొరపాటు కూడా ఆ తొందరలోనే జరిగింది.

సమస్య ఎలా బయటపడింది

13వ తేదీ ఉదయం పదిన్నరకు నేను ఫోన్ చేసి షీటు ఇంకా రాలేదని అడిగాను. నిన్న సాయంత్రమే పంపానని ఆమె చెప్పింది. పంపిన మెయిళ్లు తెరిచి చూడమంటే కాసేపు మౌనంగా ఉండి, "సార్, ఇది మీ అడ్రసు కాదు" అన్నది. 12వ తేదీ సాయంత్రం 6.40కి ఆ షీటు మహబూబ్‌నగర్ వైపు ఉండే ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడికి వెళ్లింది. ఆయన ఒక ఏడాది కిందట పాడి పశువులకు తౌడు ధర అడుగుతూ మిల్లుకు మొదట ఫోన్ చేసి, తరువాత మెయిల్ రాశారు, ఈమె జవాబిచ్చింది. జీమెయిల్‌లో మనం ఎవరికైనా ఒక్కసారి మెయిల్ పంపితే చాలు, ఆ చిరునామా మనకు తెలియకుండానే Other contacts అనే జాబితాలో చేరిపోతుంది, తరువాత పేరులోని రెండు మూడు అక్షరాలు కొట్టగానే కిందికి దిగే సూచనల్లో కనబడుతుంది. ఆయన పేరు, నా పేరు మొదలయ్యే అక్షరాలు ఒకటే. ఆమె మూడు అక్షరాలు కొట్టి, పైన కనబడిన పేరు మీద ఎంటర్ నొక్కింది.

షీటులో ఏమున్నదన్నది అంతకంటే పెద్ద చిక్కు. పేరు, పీఎఫ్ ఖాతా గుర్తింపు నంబరైన యూఏఎన్, జీతం, పనిరోజులతో పాటు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోన్ నంబరు కూడా ఉన్నాయి. నేను తయారుచేసే ఫైలుకు ఆధార్ గానీ బ్యాంకు ఖాతా గానీ అక్కరలేదు. మిల్లు సొంత అవసరానికి పెట్టుకున్న షీటునే యథాతథంగా నాకు పంపడం అలవాటైపోయింది, నేనూ ఏనాడూ వద్దనలేదు. అది నా తప్పు.

మొదటి గంటలో చేసిన ప్రయత్నాలు

ఆమె ముందుగా మెయిల్‌ను వెనక్కి తీసుకోవడానికి చూసింది. జీమెయిల్‌లోని Undo Send అనేది నిజానికి వెళ్లిపోయిన మెయిల్‌ను వెనక్కి లాగే ఏర్పాటు కాదు. పంపమని నొక్కిన తరువాత కొన్ని సెకన్లు మెయిల్‌ను ఆపి ఉంచడమే దాని పని. మార్చకపోతే ఆ గడువు 5 సెకన్లు, ఎక్కువలో ఎక్కువ 30 సెకన్ల వరకు పెట్టుకోవచ్చు. పదహారు గంటలు గడిచిన మెయిల్ విషయంలో అది ఎందుకూ కొరగాదు. ఔట్‌లుక్‌లో ఉండే రీకాల్ అయినా ఒకే సంస్థలోని మెయిళ్ల మధ్యనే పనిచేస్తుంది, బయటి జీమెయిల్ చిరునామాకు చేరినదాన్ని తీసివేయలేదు. పంపింది ఫైలు కాక డ్రైవ్ లింకు అయి ఉంటే అనుమతి తీసివేసి తలుపు మూసేవాళ్లం. జతచేసిన ఫైలు మాత్రం చేరిన క్షణం నుంచి అవతలివారి ఆస్తి అయినట్టే. అంటే ఇక మిగిలిన దారి ఒక్కటే, ఆ ఫైలు ఎవరి చేతిలో ఉన్నదో ఆ మనిషిని అడగడం.

అడగడంలోనే రెండు పొరపాట్లు జరిగాయి. ఆందోళనలో ఆమె పాత మెయిల్‌నే తెరిచి, Forward నొక్కి, పైన రెండు వాక్యాలు రాసి అదే పెద్దాయనకు పంపింది. రిప్లై నొక్కితే పాత మెయిల్‌లోని ఫైలు వెంట రాదు, ఫార్వర్డ్ నొక్కితే వస్తుంది. అలా ఉదయం 10.50కి అదే షీటు రెండోసారి ఆయన పెట్టెలో పడింది. అది చూసి యజమాని స్వయంగా ఒక మెయిల్ రాయించారు. పెద్ద అక్షరాల ఇంగ్లీషులో, ఇది రహస్య సమాచారమనీ, 24 గంటల్లో తీసివేసి స్క్రీన్‌షాట్ పంపకపోతే సైబర్ క్రైమ్ కేసు పెడతామనీ దాని సారాంశం. "గట్టిగ రాస్తెనే భయపడి తీసేస్తడు" అని నాతో ఫోన్‌లో అన్నారు. అప్పటికే అది వెళ్లిపోయింది.

ఆ మెయిల్ రెండు విధాలుగా తప్పు. అందుకున్నవారు ఏ నేరమూ చేయలేదు, తమ పెట్టెలోకి వచ్చిన మెయిల్ తమ దగ్గర ఉండటం తప్పు కాదు. చట్టం ముందు జవాబుదారీ మిల్లే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, పొరపాటున సమాచారం బయటపడటాన్ని కూడా డేటా ఉల్లంఘన నిర్వచనంలో చేర్చింది, ఆ భారాన్ని సమాచారం పెట్టుకున్న సంస్థ మీద పెట్టింది. ఇక రెండోది, ఆ మెయిల్ చదివే మనిషి వైపు నుంచి చూస్తే కనబడుతుంది. తెలియని ఫైలు ఒకటి వచ్చింది, మరునాడు అదే ఫైలు మళ్లీ వచ్చింది, ఆ వెంటనే ఇంగ్లీషులో బెదిరింపు, గడువు, స్క్రీన్‌షాట్ పంపమన్న ఆదేశం. సైబర్ మోసగాళ్ల గురించి బ్యాంకులూ పోలీసులూ చెప్పే లక్షణాలన్నీ అందులో ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి నేను మిల్లుకు చేరేవరకు జవాబు రాలేదు.

కొత్తగా రాసిన మెయిల్

ముందు ఫోన్ చేద్దామని ఆమె అన్నది, ఆయన పాత మెయిల్ కింద నంబరు ఉంది. నేను వద్దన్నాను. బెదిరింపు మెయిల్ వచ్చిన కొన్ని గంటలకే తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే, అది మోసమేనని ఆయన నిశ్చయించుకునే అవకాశం ఎక్కువ. నెమ్మదిగా చదువుకొని, కావాలంటే ఇంట్లో ఎవరికైనా చూపించుకొని, తాను నమ్మే దారిలో తిరిగి అడిగే వీలు ఆయనకు ఇవ్వాలనుకున్నాను. అందుకే మెయిలే రాశాము. పాత మెయిళ్లకు జవాబుగా కాకుండా, కింద పాత మాటలేవీ లేకుండా, కొత్త మెయిల్‌గా, తెలుగులో, ఆమె పేరుతోనే వెళ్లింది. దాని పాఠం ఇది.

"నమస్కారం సార్. నేను మిల్లులో లెక్కలు చూస్తాను. గత ఏడాది మీరు తౌడు ధర అడిగినప్పుడు మీకు జవాబు రాసింది నేనే.

నిన్న సాయంత్రం 6.40కి, ఈ రోజు ఉదయం 10.50కి మా నుంచి మీకు వచ్చిన రెండు మెయిళ్లలో ఒక ఎక్సెల్ ఫైలు ఉంది. అది వేరొకరికి పంపవలసినది. చిరునామా ఎంచుకోవడంలో తప్పు నాది, ఇందులో మీ తప్పు ఏమీ లేదు. ఆ తరువాత ఇంగ్లీషు మెయిల్‌లో కేసు గురించి రాసిన మాటలను వెనక్కి తీసుకుంటున్నాము. అలా రాసినందుకు మా యజమాని, నేను మీకు క్షమాపణ చెప్పుకుంటున్నాము.

ఆ ఫైలులో మా పనివాళ్ల జీతాల వివరాలు ఉన్నాయి. వారి కోసం మీ సాయం కోరుతున్నాను. దయచేసి ఆ రెండు మెయిళ్లనూ తీసివేయండి. తీసివేసినవి ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి కాబట్టి అక్కడి నుంచి కూడా తీసివేయండి. ఇప్పటికే ఫైలు తెరిచి ఉన్నా, ఎవరికైనా చూపించి ఉన్నా ఏమీ అనుకోము. ఎక్కడ తెరిచారో చెబితే చాలు, మిగతాది మేము చూసుకుంటాము.

ఈ మెయిల్‌లో ఫైలు గానీ లింకు గానీ లేదు. మిమ్మల్ని ఓటీపీ, డబ్బు అడగము. అనుమానం ఉంటే మీరు అప్పట్లో ఫోన్ చేసిన మిల్లు నంబరుకే చేసి నన్ను అడగండి."

ఇందులో ప్రతి మాట గురించీ ఆ సాయంత్రం మా మధ్య చర్చ జరిగింది. ఫైలులో ఆధార్, ఖాతా నంబర్లు ఉన్నాయని రాయాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న. వాటి జాబితా ఇస్తే, తెరవని మనిషికి కూడా తెరవాలన్న కుతూహలం పుట్టవచ్చు. ఏమీ చెప్పకపోతే ఎందుకు తీసివేయమంటున్నారో అర్థం కాదు. "పనివాళ్ల జీతాల వివరాలు" అన్న మాట అబద్ధం కాదు, కారణం చెప్పడానికి సరిపోతుంది, అందుకే అక్కడ ఆగాము. రెండోది ఫోన్ నంబరు. మెయిల్‌లో మేము రాసిన నంబరును మేమే ఎత్తుతాము కాబట్టి, దానివల్ల ఆయనకు ఏ రుజువూ దొరకదు. ఆయన దగ్గర ముందు నుంచి ఉన్న నంబరు అయితే, అది మిల్లుదేనని ఆయనకు ముందే తెలుసు. మూడోది, తెరిచారా లేదా అని అడిగే తీరు. ఆ జవాబు మాకు తప్పనిసరిగా కావాలి, కానీ నేరుగా అడిగితే నిలదీసినట్టు ఉంటుంది, తప్పించుకునే జవాబు వస్తుంది. తెరిచి ఉన్నా ఏమీ అనుకోము అని ముందే చెప్పడం వల్ల నిజం చెప్పడానికి ఆయనకు అడ్డు ఉండదు.

స్క్రీన్‌షాట్ మళ్లీ అడగాలని యజమాని పట్టుబట్టారు. అది ఒక ఫోల్డరు ఖాళీగా ఉందని చూపుతుందే తప్ప, ఫైలు ఇంకెక్కడా లేదని చూపదు. వయసు మళ్లిన మనిషిని, మనకు సాయం చేస్తున్న మనిషిని రుజువు తెమ్మనడం వల్ల వచ్చేదేమీ లేదని చెప్పి ఆపించాను. బెదిరింపును వెనక్కి తీసుకుంటున్నామన్న వాక్యానికి యజమాని ఒప్పుకోవడానికి అరగంట పట్టింది. ఆ వాక్యం లేకపోతే మిగిలిన మర్యాద అంతా పాత బెదిరింపుకు పూసిన తియ్యటి పూతలా కనబడుతుందని నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

జవాబు, దానితో బయటపడిన సంగతి

14వ తేదీ ఉదయం ఎనిమిదిన్నరకు మిల్లు నంబరుకు ఆయనే ఫోన్ చేశారు. ఆమె స్పీకర్ పెట్టింది.

"అమ్మా, ముందుగాల వచ్చిన ఫైలును నేను ముట్టుకోలే. ఎవరో పొరపాటున పంపిండ్రనుకున్న. కేసు అని ఇంగ్లీషుల వచ్చినంక భయమైంది. ఇంట్ల పిల్లలెవరు లేరు. నెట్ సెంటర్ పిల్లగానికి చూపిచ్చిన."

"అయ్యో సార్, మిమ్మల్ని అంత ఇబ్బంది పెట్టినం. తప్పు మాదే సార్. అక్కడ ఏం చేసిండ్రో కొంచెం చెప్తరా?"

ఆయన తన ఫోన్ నుంచి ఆ మెయిల్‌ను నెట్ సెంటర్ మెయిల్‌కు పంపారు, అక్కడి అబ్బాయి దాన్ని కంప్యూటర్‌లో దింపి, తెరిచి, మొదటి పేజీ ప్రింటు తీసి ఇచ్చాడు. మేము కూర్చొని లెక్క వేసుకున్నాము. 12వ తేదీ రాత్రికి ప్రపంచంలో ఆ షీటు అదనపు ప్రతి ఒక్కటే, అదీ ఎవరూ తెరవనిది. ఫార్వర్డ్ వల్ల రెండయింది. బెదిరింపు తరువాత ఆయన పంపిన మెయిళ్లలో ఒకటి, నెట్ సెంటర్ పెట్టెలో ఒకటి, అక్కడి డౌన్‌లోడ్స్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి చేరి ఆరు అయ్యాయి. మేము ఊరుకొని ఉన్నా అంత నష్టం జరిగేది కాదు.

ఆమె ఆయనతో ఫోన్‌లోనే ఉండి, రెండు మెయిళ్లు, పంపినది, ట్రాష్ ఒక్కొక్కటిగా తీసివేయించింది. కాగితాన్ని చింపి పొయ్యిలో వేశానని ఆయనే చెప్పారు. నెట్ సెంటర్ నంబరు ఆయన దగ్గరే తీసుకొని, ఆయన పేరు చెప్పి ఆ అబ్బాయితో మాట్లాడింది. "రోజూ సాయంత్రం ఫోల్డర్ ఖాళీ చేస్తం అక్కా, ఏముండదు" అన్నాడు. "అయినా ఒక్కసారి ఫైలు పేరు కొట్టి వెతుకు తమ్ముడూ, నేను లైన్లనే ఉంటా" అన్నది. వెతికితే రెండు దొరికాయి, రెండో దాని పేరు చివర (1) ఉంది, రెండుసార్లు దింపాడన్నమాట. అలా ఏడోది బయటపడింది. రీసైకిల్ బిన్, వాళ్ల మెయిల్ పెట్టె, దాని ట్రాష్ కూడా ఖాళీ చేశాక ఆమె కృతజ్ఞత చెప్పి పెట్టేసింది. పెద్దాయనకు ఆ రోజే, అంతా పూర్తయిందని, ఇక ఆయన చేయవలసింది ఏమీ లేదని రెండు వాక్యాల మెయిల్ వెళ్లింది. ఆ ముగింపు మెయిల్ చాలామంది రాయరు. అది లేకపోతే అవతలి మనిషి కేసు ఉందో పోయిందో తెలియక రోజుల తరబడి మథనపడతాడు.

పనివాళ్లకు చెప్పడం

అన్నీ తీసివేశారు కదా, ఇక చెప్పడం ఎందుకు, ఉత్త పుణ్యానికి భయపడతారని యజమాని అన్నారు. నా ఆలోచన వేరు. ఏడు ప్రతులు పోయాయని మనం నమ్ముతున్నాము, చూడలేదు. దాదాపు ఒక రోజు ఆ షీటు ఒక నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఉంది. పైగా ఆ నంబర్లు మిల్లువి కావు, వాళ్లవి. కొత్త చట్టం ఆశిస్తున్నది కూడా, సమాచారం ఎవరిదో వారికి చెప్పాలనే.

చెప్పినప్పుడు ప్రమాదాన్ని ఉన్నంతే చెప్పాలనుకున్నాము. ఖాతా నంబరు, ఆధార్ నంబరు తెలిసినంత మాత్రాన ఎవరూ డబ్బు తీసుకోలేరు, దానికి వేలిముద్రో ఓటీపీనో కావాలి. అసలు భయం ఫోన్ కాల్ గురించి. పేరు, మిల్లు, జీతం, ఖాతా చివరి అంకెలు సరిగ్గా చెప్పి "పీఎఫ్ ఆఫీసు నుంచి" అంటే ఎవరైనా నమ్మి ఓటీపీ చెప్పేస్తారు. కాబట్టి, అలాంటి ఫోన్ వస్తే ఏమీ చెప్పవద్దనీ, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలనీ, వచ్చి లెక్కల గదిలో చెప్పాలనీ తెలుగులో, హిందీలో చదివి వినిపించాము.

ఆధార్ బయోమెట్రిక్ లాక్ గురించి కూడా చెప్పాము, కానీ చేసుకోమని అందరినీ తొందరపెట్టలేదు. లాక్ చేస్తే వేలిముద్రతో డబ్బు తీయడం ఆగిపోతుంది, దానితో పాటు రేషన్ షాపులో వేలు పెట్టినా పనిచేయదు, మళ్లీ తీసే వరకు వేలిముద్రతో బియ్యం రావు. ఆ సంగతి చెప్పకుండా లాక్ చేయించి ఉంటే, నెల మొదటి వారంలో మిల్లు గేటు దగ్గర ఇంకో గొడవ అయ్యేది. ఆరుగురు లాక్ చేయించుకున్నారు. వారిలో ఒకతను, తీయడం ఎలాగో కాగితం మీద హిందీలో రాయించుకొని జేబులో పెట్టుకున్నాడు.

ఏది పనిచేసింది, ఏది చేయలేదు

ఇటువంటి కేసుల్లో ముందుగా గుర్తొచ్చే సలహా Undo Send గడువును 30 సెకన్లకు పెంచుకోవడం. ఆమె పెంచుకుంది, మంచిదే. కానీ ఈ కేసులో తప్పు తెలిసింది మరునాడు. తప్పని తెలియని తప్పును 30 సెకన్లు ఆపలేవు. మెయిల్ చివర ఇంగ్లీషులో పెట్టే గోప్యత హెచ్చరిక కూడా అంతే, ఆ షీటు వెళ్లిన మెయిల్ కింద అది ఉండనే ఉంది, పెద్దాయన దాన్ని చదవనే లేదు.

Other contacts నుంచి పాత చిరునామాలను తీసివేయడం, నా చిరునామాను "పీఎఫ్" అన్న మాటతో మొదలయ్యే పేరుతో దాచుకోవడం వల్ల ఈ పొరపాటు మళ్లీ జరిగే వీలు తగ్గింది. ఇప్పుడు ఆమె ముందు ఫైలు జతచేసి, విషయం రాసి, చిరునామాను అన్నిటికంటే చివర పెడుతుంది. చిరునామా లేని మెయిల్ పొరపాటున నొక్కినా వెళ్లదు.

అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చినది మాత్రం షీటును చిన్నది చేయడమే. 14వ తేదీ సాయంత్రం ఆమె నాకు పంపిన కొత్త షీటులో యూఏఎన్, పేరు, జీతం, పనిచేయని రోజులు, అంతే. ఫైలుకు ఎక్సెల్‌లోనే పాస్‌వర్డ్ పెట్టింది, దాన్ని మెయిల్‌లో రాయకుండా ఫోన్ చేసి చెప్పింది. ఆ నాలుగు నిలువు వరుసలతోనే ఈసీఆర్ ఏ లోటూ లేకుండా తయారైంది, 15వ తేదీ మధ్యాహ్నానికి చలానా కట్టేశాము. నా దగ్గరికి వచ్చే మిగతా మిల్లులన్నిటికీ ఆ వారంలోనే ఫోన్ చేసి, ఆధార్, ఖాతా నంబర్ల నిలువు వరుసలు ఉన్న షీటు ఇక మీదట తీసుకోనని చెప్పాను.